చంద్రుడికి గుడి కట్టిన ఆరు పలకల రాయి

కార్తీక పున్నమి నాడు ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడికి దీపం పెట్టి జహీరాబాద్ తిరిగొచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. దాబా మీద చాప పరుచుకుని కూర్చున్న పెద్దమ్మ నన్ను చూడగానే ఆకాశం వైపు చెయ్యెత్తింది. "చంద్రునికి గుడి కట్టింది చూడు బిడ్డా. దూరం గుడి. వాన దగ్గరికొచ్చింది. రేపు పొద్దుగాలనే కూలోళ్లను పిలిచి పత్తి ఏరించాలె."

తలెత్తి చూశాను. చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉన్నాడు. కార్తీక పున్నమికి మన ప్రాంతంలో అర్ధరాత్రి వేళ చంద్రుడు అంత ఎత్తుకు రావడం మామూలే. చుట్టూ, చాలా దూరంలో, ఒక పెద్ద తెల్లని వలయం. పరికర పెట్టి గీసినట్టు ఎక్కడా వంకర లేదు. వలయానికి లోపలి అంచు కోసినట్టు తేటగా ఉంది, బయటి అంచు మాత్రం ఎక్కడ ముగిసిందో తెలియకుండా ఆకాశంలో కలిసిపోయింది. అన్నింటికన్నా నన్ను పట్టి నిలిపింది చంద్రుడికీ వలయానికీ నడుమ ఉన్న జాగా. వలయం బయట ఆకాశం పాలు కలిపిన నీళ్లలా ఉంటే, లోపల మాత్రం ఎవరో తుడిచినట్టు నల్లగా ఉంది. గర్భగుడిలో దేవుడి చుట్టూ ఉండే చీకటిలాగా.

దీన్ని సంస్కృతంలో పరివేషం అంటారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికోసం ఒక అధ్యాయమే రాశాడు. తెలుగులో వరదగుడి అన్న మాటా ఉంది. కానీ 'గుడి కట్టడం' అన్న మాటే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఇది నిజంగా కట్టడమే. దీనికి ఒక కొలత ఉంది, ఆ కొలత ఏ రాత్రీ తప్పదు. దీనికి ఒక రాయి ఉంది, ఆ రాయి చెక్కుడులోనే గుడి ఆకారమంతా ఇమిడి ఉంది.

ముందు కొలత చూద్దాం. చెయ్యి పూర్తిగా ముందుకు చాచి, వేళ్లు బాగా విప్పి, బొటనవేలి కొసను చంద్రుడి మీద పెట్టండి. చిటికెన వేలి కొస దాదాపు వలయం మీద పడుతుంది. చాచిన చేతికి జానెడు. కొలిచి చెబితే చంద్రుడి నుంచి వలయానికి దూరం 22 డిగ్రీలు. చంద్రబింబం వెడల్పు అర డిగ్రీయే కాబట్టి, చంద్రుడి నుంచి వలయం దాకా నలభై నాలుగు చందమామల్ని పక్కపక్కన పేర్చవచ్చు. వానాకాలమైనా చలికాలమైనా, మబ్బు ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున ఉన్నా పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, పగలు సూర్యుడి చుట్టూ కట్టినా రాత్రి చంద్రుడి చుట్టూ కట్టినా అదే జానెడు. మబ్బులు ఏ రెండూ ఒకలా ఉండవు, మరి వాటి మీద ఏర్పడే ఈ వలయం ఎప్పుడూ ఒకే కొలతకు ఎలా వస్తుంది? జవాబు మబ్బులో లేదు. మబ్బులోని ఒక్కొక్క మంచు పలుకులో ఉంది.

ఆ రాత్రి చంద్రుడి మీద కప్పి ఉన్న మొగులును వాతావరణ శాస్త్రంలో సిర్రోస్ట్రాటస్ అంటారు. పలుచని మల్లు గుడ్డ పరిచినట్టుండే పైమొగులు. దాని గుండా చంద్రుడి అంచు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పన్నెండు కిలోమీటర్ల ఎత్తున మన దక్కను మీదైనా సరే చలి సున్నాకు దిగువన 50 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ నీటి చుక్క చుక్కగా నిలవదు. ఉన్నదంతా మంచు పలుకులే.

ఆకాశం నుంచి రాలే మంచు మనకు కొత్త కాదు. ఎండాకాలం మొదట్లో రాళ్లవాన మామిడి పిందెల్ని రాల్చినప్పుడు గిన్నెల్లో ఏరుకున్నవాళ్లమే. అయితే ఆ రాయిని చేతిలో తిప్పి చూస్తే గుండ్రంగా, గడ్డలు గడ్డలుగా, పొరలు పొరలుగా పాలరంగులో ఉంటుంది. ఉరుముల మబ్బులో కిందా మీదా కొట్టుకుంటూ, తగిలిన నీటినల్లా హడావిడిగా ఒంటికి పులుముకుంటూ పెరిగిన రాయి అది. దాని గుండా వెలుగు సాఫీగా పోలేదు. పైమొగులులోని పలుకు పుట్టుక వేరు. అక్కడ గాలిలో తేమ చాలా తక్కువ, తొందర లేదు. నీటి ఆవిరి అణువులు ఒక్కొక్కటిగా వచ్చి చోటు చూసుకుని కూర్చుంటాయి.

నీటి అణువులు మంచుగా గడ్డకట్టేటప్పుడు ఆరేసి చొప్పున కడియంలా చేతులు కలుపుకుంటాయి. కడియం పక్కన కడియం, కడియం మీద కడియం. అణువుల స్థాయిలో మొదలైన ఆ ఆరు మూలల పద్ధతి, పలుకు కంటికి ఆనేంత పెరిగినా చెదరదు. అందుకే నిదానంగా పెరిగిన మంచు పలుకు ఆరు పలకలుగానే పెరుగుతుంది. కొన్ని పొట్టిగా, బిళ్లల్లా ఉంటాయి. కొన్ని పొడుగ్గా, పిల్లలు బడికి తీసుకుపోయే ఆరు పలకల పెన్సిల్ ముక్కల్లా ఉంటాయి. మంచి గుడి కట్టే పలుకుల సైజు చాలావరకు మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూగా ఉంటుంది. మన చేలల్లో పండే కొర్రగింజ పక్కన పెడితే అందులో పదిహేనో ఇరవయ్యో వంతు.

ఇప్పుడు నిజంగానే ఒక ఆరు పలకల పెన్సిల్ తీసుకుని, కొస మీకు ఎదురుగా ఉండేలా పట్టుకోండి. అది గాజుదని అనుకోండి. చంద్రుడి వెలుగు ఒక పలకలోంచి లోపలికి వెళ్లింది. ఇక అది ఎటు నుంచి బయటపడుతుంది? సరిగ్గా ఎదుటి పలకలోంచి వస్తే, ఆ రెండు పలకలూ సమాంతరం కాబట్టి వెలుగు వచ్చిన దారినే సాగిపోతుంది, కిటికీ అద్దం గుండా వచ్చినట్టు. ఆనుకుని ఉన్న పక్క పలకలోంచి రావాలంటే కుదరదు. ఆ రెండు పలకల మధ్య కోణం 120 డిగ్రీలు. అంత విప్పారిన మూలలో వెలుగు బయటికి రాలేక, అద్దం మీద పడ్డట్టు లోపలికే తిరిగిపోతుంది. మిగిలింది ఒకటి విడిచి ఒకటి. మొదటి పలకలోంచి వెళ్లి మూడో పలకలోంచి రావడం. ఆ రెండు పలకల్నీ ఊహలో పొడిగిస్తే అవి 60 డిగ్రీల కోణంలో కలుసుకుంటాయి. బడి ల్యాబులో తెల్లని వెలుగును ఏడు రంగులుగా విడగొట్టి చూపించే ముక్కోణపు గాజుదిమ్మె కోణమూ అదే. అంటే ప్రతి మంచు పలుకులోనూ ఒక గాజుదిమ్మె దాగి ఉంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎద్మ్ మారియాత్ 17వ శతాబ్దంలోనే గుడి రహస్యం ఈ 60 డిగ్రీల్లో ఉందని పట్టుకున్నాడు.

ఇక్కడే ఒక చిక్కు. మొగులులో పలుకులు కోట్లాదిగా ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో వైపు తిరిగి పొర్లుతూ పడుతోంది. ఒక్కో దానిలో వెలుగు ఒక్కో కోణంలో వంగాలి కదా? అలా వంగితే ఆకాశమంతా తెల్లగా అలుముకోవాలి గానీ వలయం ఎందుకు ఏర్పడాలి? ఈ మొత్తం పనితనంలో నాకు అన్నింటికన్నా ముచ్చటగా అనిపించే చోటు ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

మంచులో వెలుగు వంగే తీరును లెక్క కట్టి చూడొచ్చు. గాలితో పోలిస్తే మంచు వక్రీభవన గుణకం 1.31. ఒక పలుకును నెమ్మదిగా తిప్పుతూ, దాని గుండా వచ్చే కిరణం ఎంత వంగిందో రాసుకుంటూ పోదాం. పలకకు లంబంగా ఉన్న గీత నుంచి కిరణం 15 డిగ్రీల వాలులో తగిలితే దాదాపు 34 డిగ్రీలు వంగుతుంది. 21 డిగ్రీల వాలులో తగిలితే వంపు 27కు దగ్గరగా వస్తుంది. 31 దగ్గర 22.8. 41 దగ్గర 21.8. ఇక పలుకును ఇంకా తిప్పితే వంపు తగ్గాలి కదా? తగ్గదు. 51 దగ్గర మళ్లీ 22.7కు పెరుగుతుంది. అంటే వంపుకు ఒక అడుగుమెట్టు ఉంది. పలుకు ఎటు తిరిగినా ఆ మెట్టు కంటే కిందికి దిగదు. పైగా ఆ మెట్టు దగ్గర అది చాలాసేపు తచ్చాడుతుంది. ఇరవై డిగ్రీల మేర పలుకును తిప్పినా వంపు ఒక్క డిగ్రీ కూడా మారలేదు చూశారా.

చింతచెట్టుకు కట్టిన ఊయలను గుర్తు తెచ్చుకోండి. మధ్యలో రివ్వున పోతుంది, కొసకు చేరగానే ఒక్క క్షణం ఆగినట్టుండి వెనక్కి మళ్లుతుంది. ఊగుతున్న పిల్లను చీకట్లో గుడ్డిగా వంద ఫొటోలు తీస్తే ఎక్కువ ఫొటోల్లో ఆ పిల్ల కొసల దగ్గరే కనిపిస్తుంది. మంచు పలుకులదీ అదే కథ. ఎటు పడితే అటు తిరిగిన కోట్ల పలుకుల్లో చాలావాటి వెలుగు 22 డిగ్రీల దగ్గర పోగుపడుతుంది. అదే వలయం. అంతకన్నా తక్కువ వంగి రావడం ఏ పలుకుకూ సాధ్యం కాదు. అందుకే లోపలి అంచు కోసినట్టుంటుంది, చంద్రుడి చుట్టూ జాగా నల్లగా ఉంటుంది. అంతకన్నా ఎక్కువ వంగి రావడానికి అడ్డు లేదు, అయితే అలా వచ్చేవి కొన్నే. అందుకే బయటి అంచు మెల్లమెల్లగా పలచబడి కరిగిపోతుంది. దాబా మీద నిలబడి నేను చూసిన మూడు విషయాలకూ, కొలతకూ కోతకూ చీకటికీ, జవాబు ఒక్క పలుకును తిప్పి చూస్తేనే దొరికింది.

రంగుల సంగతీ ఇందులోనే ఉంది. మంచులో ఎరుపు కొంచెం తక్కువ వంగుతుంది, నీలం కొంచెం ఎక్కువ వంగుతుంది. రెండింటి మెట్లకూ తేడా ఒక డిగ్రీ లోపే. కాబట్టి లోపలి అంచున పలచని ఎరుపు ఉండాలి. ఉంటుంది కూడా. కానీ నిండు చంద్రుడి వెలుగు సూర్యుడి వెలుగులో నాలుగు లక్షలో వంతు మాత్రమే, అంత మసక వెలుగులో మన కళ్లకు రంగులు సరిగా ఆనవు. ఇంటి మీది నీళ్ల ట్యాంకు చాటున చంద్రుణ్ని దాచి, ఫోన్‌ను కదలకుండా గోడకు ఆనించి రెండు మూడు సెకన్ల ఫొటో తీస్తే లోపలి అంచున ఇటుకరంగు చారిక పడుతుంది. ఆ రాత్రి అలాగే తీశాను. కంటికి తెల్లగా కనిపించిన వలయంలో ఎరుపు బయటపడింది.

ఇంకో మాట. ఈ గుడి ఎక్కడ ఉంది? చంద్రుడి దగ్గర లేదు. మొగులులోనూ ఒక చోటని లేదు. మొగులు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఉండి, చంద్రుడు నడినెత్తిన ఉంటే, నా కంటికి వెలుగు పంపిన పలుకులు నా తలకు సూటిగా పైనున్న చోటు నుంచి దాదాపు ఐదు కిలోమీటర్ల దూరంలో, చుట్టూ వలయంగా ఉండాలి. అంటే జహీరాబాద్ మీద పది కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న వలయం. ఝరాసంగంలో ఇంకా దీపాల దగ్గరే ఉన్నవాళ్లు తలెత్తితే వాళ్లకూ చంద్రుడి చుట్టూ అంతే గుడి కనిపిస్తుంది, కానీ వాళ్ల గుడి రాళ్లు వేరు. ఆ మాటకొస్తే పక్కనే చాప మీదున్న పెద్దమ్మ చూసిన గుడీ నేను చూసిన గుడీ ఒకటి కాదు. నా వైపు వెలుగు తిప్పిన పలుకు ఆమె వైపు తిప్పలేదు. ఎవరి గుడి వాళ్లకే.

అక్కడున్నవి మంచు పలుకులేనని ఎవరు చూశారని అడగొచ్చు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. అక్కడ 1998 నుంచి జపాన్ సహకారంతో పెట్టిన లైడార్‌తో పైమొగులును గమనిస్తున్నారు. ఆకుపచ్చ లేజర్ వెలుగును నిట్టనిలువుగా ఆకాశంలోకి కొట్టి, తగిలి తిరిగొచ్చిన వెలుగును పట్టుకుంటారు. అది వచ్చిన సమయాన్ని బట్టి మొగులు ఎత్తు తెలుస్తుంది. పది కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావడానికి సెకనులో పదిహేను వేలో వంతు చాలు. ఆ వెలుగు తరంగాలన్నీ ఒకే తలంలో కంపించేలా చేసి పంపుతారు. గుండ్రని నీటిచుక్క తగిలితే తిరిగొచ్చిన వెలుగు అదే తలంలో ఉంటుంది. మూలలున్న మంచు పలుకు తగిలితే ఆ తలం చెదిరిపోతుంది. ఎంత చెదిరిందో చూసి అది నీరా మంచా చెప్పేస్తారు. మన ఆరు పలకల రాయి మీద నేల నుంచే వేలు పెట్టి తడిమి చూసినట్టు.

పైమొగులు ఉన్న ప్రతి రాత్రీ గుడి కట్టదు. ఎక్కువ పలుకులు సరిగా పెరగవు. కొన్ని ఒకదానికొకటి అతుక్కుని పూలగుత్తుల్లా తయారవుతాయి, కొన్నింటి పలకలు గరుకుగా ఉంటాయి, కొన్నింట్లో గాలి బుడగలు చిక్కుకుంటాయి. మరీ చిన్నవైతే, అంటే మిల్లీమీటరులో నూరో వంతుకు దిగితే, పలకలు ఎంత నున్నగా ఉన్నా వెలుగు చెదిరి వలయం అలికినట్టవుతుంది. బిళ్లల్లాంటి పలుకులు పెద్దవైతే పొర్లడం మానేసి, నీళ్లలో జారే పళ్లెంలాగా అడ్డంగానే పడతాయి. అప్పుడు నిండు వలయానికి బదులు, చంద్రుడు కిందుగా ఉన్న వేళ ఆయనకు కుడి ఎడమల వలయం దూరంలో రెండు వెలుగు మచ్చలు కనిపిస్తాయి. గుడి కట్టాలంటే పలుకులు నున్నగా ఉండాలి, చాలినంత పెద్దవి కావాలి, అయినా క్రమం లేకుండా పొర్లుతూ ఉండాలి. ఇంత గుండ్రని వలయానికి కావలసింది ఆ గజిబిజే. అన్నీ ఒకే వైపు నిలబడితే వలయమే రాదు.

ఇక పెద్దమ్మ మాట. దూరం గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన. ఈ సామెత విన్నప్పుడల్లా నాకొక ప్రశ్న ఉండేది. గుడి కొలత ఎప్పుడూ జానెడే అయితే దూరం గుడి, దగ్గర గుడి అని రెండెక్కడివి? ఆ రాత్రి తెలిసింది, ఆ రెండూ వేరు వేరు కట్టడాలని. దగ్గర గుడి అంటే చంద్రుణ్ని ఆనుకునే, నడుమ చీకటి జాగా లేకుండా, రెండు మూడు డిగ్రీల మేర పరుచుకునే వెలుగు బిళ్ల. దాని అంచున ఎరుపు బయటివైపు ఉంటుంది. శాస్త్రంలో దాన్ని కరోనా అంటారు, కిరీటం అన్న అర్థంలో. అది మంచు పని కాదు, సాధారణంగా నీటి చుక్కల పని. చుక్కల అంచుల దగ్గర వెలుగు విచ్చుకోవడం వల్ల ఏర్పడుతుంది. చుక్క చిన్నదైతే వెలుగు బిళ్ల పెద్దదవుతుంది, చుక్క పెద్దదైతే బిళ్ల చిన్నదవుతుంది. కాబట్టి దానికి స్థిరమైన కొలత లేదు. మధ్య ఎత్తులో తేలిపోయే దూదిపింజల మొగులు చంద్రుడి ముందునుంచి పోతున్నప్పుడు తరచూ కనిపిస్తుంది, ఆ మొగులు చాలాసార్లు వాన తేకుండానే చెదిరిపోతుంది.

దూరం గుడి కట్టే పైమొగులు అలా కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడినప్పుడు, దాని ఉరుముల మబ్బులు ఆకాశపు కప్పుదాకా పెరిగి, పైన గాలి చెదరగొట్టిన మంచు పలుకులు వందల కిలోమీటర్ల దూరం వరకు పలచగా పరుచుకుంటాయి. వాన తీరం దగ్గరే ఉన్నా దాని పైకప్పు మన నెత్తి మీదికి ముందే వచ్చేస్తుంది. కార్తీకం అలాంటి తుఫాన్ల కాలమే. సామెత చెప్పినవాళ్లకు ఆరు పలకలు తెలియవు, 22 డిగ్రీలు తెలియవు. అయినా రెండు వలయాలు రెండు రకాల మబ్బులవని వాళ్లు పట్టుకున్నారు. చంద్రుడికీ వలయానికీ మధ్య ఉన్న జాగాను చూసి మబ్బు ఎత్తు చెప్పినట్టే అది.

అయితే సామెత తప్పే రాత్రులూ ఉన్నాయి. పుష్య మాఘాల్లో పైన పడమటి గాలులు జోరుగా వీస్తూ పలచని మంచుమొగులును మన మీదుగా తోసుకుపోతుంటాయి. గుడి కడుతుంది, తెల్లారేసరికి మొగులు పోతుంది, చుక్క వాన పడదు. అందుకే ఒక్క గుడిని చూసి తీర్పు చెప్పకుండా, తర్వాత అది ఏమవుతుందో చూడాలి. మొగులు చిక్కబడి కిందికి దిగుతుంటే వలయం పలచబడి మాయమవుతుంది, చంద్రుడు గరుకు గాజు వెనకాల దీపంలా అంచు లేకుండా కనిపిస్తాడు. వానకు అసలు ఆనవాలు అది. గుడి కనిపించడం కన్నా అది కూలిపోవడమే పెద్ద కబురు. గుడి తేటగా అలాగే ఉండి పక్కకు జరిగిపోతే, లేదా మొగులు విరిగి చుక్కలు మెరిస్తే, ఆ మొగులు దారిన పోయేదే. వానాకాలంలో పైన మంచు మొగులు ఇంకా ఎక్కువే ఉంటుంది, గాదంకి లైడార్ గమనించింది కూడా అదే. కాని కింది మబ్బు కప్పేస్తుంది కాబట్టి గుడి చాలాసార్లు మన కంటపడదు.

అర్ధరాత్రి దాటాక మళ్లీ చూశాను. చంద్రుడు పడమటికి వాలాడు, గుడీ ఆయనతో పాటే వాలింది. అందాకా నేను చూస్తున్న రాళ్లు ఒక్కటి కూడా అక్కడ లేవు. పలుకులు కిందికి జారుతూనే ఉన్నాయి, ఒక్కొక్కటీ సరైన వాలులోకి వచ్చిన క్షణంలో నా కంటికి ఒక మినుకు పంపి పొర్లిపోయింది. దాని చోటికి ఇంకోటి వచ్చింది. గుడి మాత్రం చెక్కు చెదరలేదు, జానెడు జానెడుగానే ఉంది.

మూడు గంటలకు పెద్దమ్మ లేపింది. వలయం లేదు. చంద్రుడు మసకబట్టి ఉన్నాడు, తూర్పున ఒక్క చుక్కా లేదు. ఆమె అప్పటికే కొంగు నడుముకు చుట్టి, పత్తి బస్తాల మీద కప్పడానికి తాటిపత్రి వెతుకుతోంది.